అబ్‌స్ట్రాక్ట్‌లో దాక్కున్న 38

ఫైనలియర్ ప్రాజెక్టుని పేపరుగా రాసి ఒక కాన్ఫరెన్సుకి పంపాం. మూడు వారాల తరవాత రెండు లైన్ల మెయిల్‌తో తిరిగొచ్చింది. ఆ రెండు లైన్ల అర్థం ఇది: సారాంశం చదివితే మీరు ఏం చేశారో తెలియడం లేదు, ఏం కనుక్కున్నారో అంతకన్నా తెలియడం లేదు.

ముందు కోపం వచ్చింది. "పేపరు మొత్తం చదవకుండా ఎలా చెప్తారు?" అనుకున్నాం ముగ్గురం. తరవాత మా గైడ్ మేడమ్ ఒక ప్రశ్న వేశారు. "నువ్వు లిటరేచర్ సర్వేకి ఎన్ని పేపర్లు చూశావు? అందులో ఎన్ని పూర్తిగా చదివావు?" చూసినవి దాదాపు అరవై, పూర్తిగా చదివినవి ఐదో ఆరో. మిగతావాటిని అబ్‌స్ట్రాక్ట్ చదివి పక్కనపెట్టాను. నేను ఇతరులకి చేసిందే నాకూ జరిగింది.

ఆ అబ్‌స్ట్రాక్ట్‌ని మళ్ళీ రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. పేపరులో ఒక్క ప్రయోగం కూడా మార్చలేదు, మార్చింది ఆ ఎనిమిది వాక్యాలే. మన జూనియర్లు చాలామంది వచ్చే సెమిస్టర్‌లో ఇదే పని చేయాలి కాబట్టి ఎక్కడ తప్పు చేశానో, ఎలా సరిదిద్దానో వరసగా చెప్తాను. మాది ఇంగ్లీషు పేపరు. ఇక్కడ మాత్రం తెలుగులోనే పెడుతున్నాను. తెలుగులో పెట్టి చూస్తే తప్పులు ఇంకా బాగా కనపడ్డాయి కూడా.

ముందు ప్రాజెక్టు ఏమిటో చెప్పాలి. మాది వేటపాలెం. మా ఊళ్ళో రెండు పనులు పక్కపక్కనే నడుస్తాయి, ఒకటి మగ్గం, రెండోది జీడిపప్పు. జీడిగింజ కొట్టి పప్పు తీశాక పెంకులు గుట్టలుగా మిగులుతాయి. మగ్గానికి నూలు కావాలి, నూలుకి రంగు కావాలి, రంగు అద్దాక ఆ నీళ్ళు ఎక్కడో ఒకచోట పారబోయాలి. ఆ పెంకుల్ని కాల్చి యాక్టివేటెడ్ కార్బన్ చేసి, దానితో ఈ రంగునీళ్ళని శుభ్రం చేయగలమా అన్నది మా ప్రశ్న. కొత్త ఆలోచనేమీ కాదు. జీడిపెంకు కార్బన్ మీద ఇప్పటికే చాలా పేపర్లు ఉన్నాయి. మేం అదనంగా చేసిందల్లా ల్యాబ్‌లో కలుపుకున్న రంగునీళ్ళతో పాటు మా బాబాయ్ వాళ్ళ అద్దకం షెడ్డు నుంచి తెచ్చిన అసలు నీళ్ళ మీద కూడా పరీక్షించడం.

ఇదీ మేం మొదట పంపిన అబ్‌స్ట్రాక్ట్:

"నీరు సమస్త జీవకోటికి ఆధారం. పారిశ్రామికీకరణ వల్ల నీటి కాలుష్యం నేడు ప్రపంచవ్యాప్తంగా తీవ్రమైన సమస్యగా మారింది. వస్త్ర పరిశ్రమ నుంచి వెలువడే రంగునీరు పర్యావరణానికి ఎంతో హానికరం. రంగులను తొలగించడానికి అనేక పద్ధతులు ఉన్నప్పటికీ అవి ఖరీదైనవి. ఈ పత్రంలో జీడిపెంకుల నుంచి తయారుచేసిన యాక్టివేటెడ్ కార్బన్‌తో రంగు తొలగింపును అధ్యయనం చేశాం. పీహెచ్, మోతాదు, సమయం వంటి వివిధ అంశాల ప్రభావాన్ని పరిశీలించాం. ఫలితాలు అత్యంత ప్రోత్సాహకరంగా ఉండి, గరిష్ఠంగా 96 శాతం రంగు తొలగింది. కాబట్టి ఈ చవకైన పద్ధతి చేనేత రంగు పరిశ్రమలకు ఎంతో అనువైనది."

వినడానికి బాగానే ఉంది కదా? మాకూ అలాగే అనిపించింది. మేడమ్ ఒక పెన్సిల్ ఇచ్చి, "మన ప్రాజెక్టు చేయకపోయినా రాయగలిగే వాక్యాల కింద గీత గియ్యి" అన్నారు. మొదటి నాలుగింటి కింద గీత పడింది. నీరు జీవాధారం అని చెప్పడానికి మఫుల్ ఫర్నేస్ అక్కర్లేదు. ఐదో వాక్యం, ఆరో వాక్యం కూడా ప్రయోగం మొదలుపెట్టకముందే, ప్రపోజల్‌లోనే రాయొచ్చు. నిజంగా మా ప్రపోజల్‌లో ఉన్న వాక్యాలే అవి, కాలం మాత్రం మార్చాం. మిగిలినవి రెండు. వాటిలో చివరిది మేం పరీక్షించని మాట. చవక అన్నాం గానీ ఖర్చు లెక్క ఎక్కడా కట్టలేదు. అంటే ఎనిమిది వాక్యాల్లో మా పని గురించి చెప్పింది ఒక్కటే, అందులోనూ ఉన్నది ఒక్క అంకె.

ఆ సాయంత్రం ప్రింటవుట్ పట్టుకుని సారస్వత నికేతనానికి వెళ్ళాను. 1918లో మొదలైన గ్రంథాలయం అది. 1929లో గాంధీగారు వచ్చారని మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెప్తారు. పాత పుస్తకాల బీరువాల మధ్య కూర్చుంటే ఒక విషయం తట్టింది. బీరువా తెరవకుండానే ఆ పుస్తకం మనకి కావాలో వద్దో చెప్పేది కేటలాగు. "ఈ పుస్తకంలో అనేక విషయాలు చర్చించబడ్డాయి" అని కేటలాగులో రాస్తే ఎవరికి ఉపయోగం?

అబ్‌స్ట్రాక్ట్‌లు రెండు రకాలని తరవాత తెలిసింది. ఒకటి లోపల ఏయే విషయాలున్నాయో సూచించేది. "పరిశీలించాం, చర్చించాం, అధ్యయనం చేశాం" అనే క్రియలు దాని గుర్తు. సర్వే పేపర్లకి అది సరిపోతుంది. రెండోది లోపల తేలిన విషయాన్నే చెప్పేది. ప్రయోగం చేసిన పేపరుకి ఈ రెండోదే కావాలి. వైద్య పత్రికలవాళ్ళు ఈ సమస్యని మనకన్నా ముందే పట్టుకున్నారు. 1987లో ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో, అబ్‌స్ట్రాక్ట్‌ని ఉద్దేశం, పద్ధతి, ఫలితం, నిర్ణయం వంటి శీర్షికల కింద విడదీసి రాయాలని ఒక ప్రతిపాదన వచ్చింది. డాక్టరు పేపరు మొత్తం చదవకుండా అబ్‌స్ట్రాక్ట్ చూసి నిర్ణయం తీసుకునే అవకాశం ఉంది కాబట్టి ఆ జాగ్రత్త. ఇంజనీరింగ్ పేపర్లలో సాధారణంగా ఆ శీర్షికలు ఉండవు, ఒకే పేరా, 250 పదాల లోపు. కానీ శీర్షికలు కనపడకపోయినా ఆ నాలుగు గదులూ లోపల ఉండాలి.

ఇక మళ్ళీ రాయడం. నేను మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టబోయాను. మేడమ్ ఆపారు. "ముందు కనుక్కున్నది ఒక్క వాక్యంలో రాయి. అది దొరికాక దానికి ఏ పద్ధతి చెప్పాలో అదే చెప్తుంది" అన్నారు.

రాయలేకపోయాను. 96 శాతం అని రాస్తే ఎక్కడో ముల్లులా గుచ్చుకుంటోంది. ఆదివారం బాబాయ్ షెడ్డుకి వెళ్ళినప్పుడు ఆయనే అడిగాడు. తొట్టిలోంచి నల్లటి చిలపలు తీసి దండేనికి వేస్తూ, "ఏమ్మా, మా నీళ్ళు క్యానులో పట్టకపోయారు గదా, ఏమైంది మరి?" అన్నాడు.

"తొంభై ఆరు శాతం రంగు పోయింది బాబాయ్" అన్నాను.

"మా నీళ్ళల్లోనేనా?"

నోట మాట రాలేదు. ఆయన నీళ్ళలో పోయింది 38 శాతం. 96 వచ్చింది మేం ల్యాబ్‌లో డిస్టిల్డ్ వాటర్‌లో కలుపుకున్న రంగులో. ఆ 38 పేపరులో ఉంది, ఐదో పేజీలో, రెండో టేబుల్ చివరి వరసలో. అబద్ధం రాయలేదు. కానీ అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే చదివినవాడు, మా కార్బన్ అద్దకం నీళ్ళని 96 శాతం శుభ్రం చేస్తుందనే నమ్ముతాడు. ఎందుకంటే 96 పక్కనే "చేనేత రంగు పరిశ్రమలకు ఎంతో అనువైనది" అని మేమే రాశాం.

"లేదు బాబాయ్, మీ నీళ్ళల్లో ముప్ఫై ఎనిమిదే. ఆసిడ్ కలిపితే డెబ్భై ఒకటి" అన్నాను.

"ఆ మాట చెప్పు. అది గదా మాకు కావాల్సింది" అన్నాడు.

మా పేపరు ప్రధాన ఫలితం అక్కడ దొరికింది. మేం సిగ్గుపడి దాచిన అంకే మేం నిజంగా కనుక్కున్నది. ల్యాబ్ ద్రావణంలో తొంభై దాటే పేపర్లు బోలెడు ఉన్నాయి. ల్యాబ్ ద్రావణానికీ, అసలు అద్దకం నీటికీ మధ్య ఎంత తేడా ఉందో అదే కార్బన్‌తో కొలిచి చూపించడం, మేం చూసిన వాటిలో అరుదు.

ఆ తేడా ఎందుకొస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే ఏ వివరం అబ్‌స్ట్రాక్ట్‌లోకి రావాలో అర్థం కాదు. రియాక్టివ్ రంగు నూలులోకి చేరడానికి తొట్టిలో ఉప్పు వేస్తారు, చేరిన రంగు నూలుతో అతుక్కోవడానికి సోడా వేస్తారు. అందుకే మిగిలిన నీళ్ళు బాగా క్షారంగా ఉంటాయి. మేం తెచ్చిన క్యానులో పీహెచ్ 10.6. ఈ రంగు అణువుల మీద రుణావేశం ఉంటుంది. ఆమ్లంలో కార్బన్ ఉపరితలం ధనావేశంతో ఉండి రంగుని లాక్కుంటుంది, క్షారంలో అదే ఉపరితలం రుణావేశం తెచ్చుకుని రంగుని నెట్టేస్తుంది. కాబట్టి మా ప్రయోగంలో పీహెచ్ చెప్పకుండా శాతం చెప్పడమంటే, ఏ ఊరికో చెప్పకుండా బస్సు టికెట్టు ధర చెప్పినట్టు.

దీని నుంచే పద్ధతి గురించి ఒక కొలబద్ద దొరికింది. ఏ వివరం మారిస్తే ఫలితం అంకె మారుతుందో అది అబ్‌స్ట్రాక్ట్‌లో ఉండాలి. మార్చినా అంకె మారని వివరం పేపరు లోపల ఉంటే చాలు. దీని ప్రకారం పీహెచ్ లోపలికొచ్చింది. లీటరుకి 4 గ్రాముల మోతాదు, రెండు గంటల సమయం, రంగు పేరు, మొదట్లో రంగు ఎంత గాఢంగా ఉందో, ఇవన్నీ వచ్చాయి. కార్బన్ ఎలా చేశామో ఒక్క వాక్యం వచ్చింది, ఎందుకంటే ఫాస్ఫారిక్ ఆమ్లం లేకుండా ఊరికే కాల్చిన బొగ్గు ఇలా పనిచేయదు. ఫర్నేస్ కంపెనీ పేరు, ఫిల్టర్ పేపరు నంబరు, జల్లెడ సైజు బయటే ఉండిపోయాయి. "పీహెచ్, మోతాదు, సమయం వంటి వివిధ అంశాలు" అనే వాక్యం మొత్తం పోయింది. అంశాల పేర్లు చదువుతుంటే పద్ధతి చెప్పినట్టే ఉంటుంది గానీ, విలువలు లేకపోతే అది ఉత్త జాబితా.

ఇప్పుడు అంకెల సంగతి. మా 96 గురించి ఇంకో నిజం ఉంది. ల్యాబ్ ద్రావణం మీద అదే ప్రయోగం మూడుసార్లు చేస్తే 89, 91, 96 వచ్చాయి. సగటు 92. మేం వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని ఏరుకుని "గరిష్ఠంగా" అని ముందు తగిలించాం. "గరిష్ఠంగా" అనే మాట కనపడితే అనుమానించడం నేర్చుకున్నాను. పీహెచ్‌ని 2 నుంచి 10 దాకా మార్చి, ఎక్కడ ఎక్కువ వచ్చిందో చెప్పడానికి ఆ మాట వాడితే తప్పులేదు. ఒకే ప్రయోగంలో అదృష్టం బాగున్న రీడింగు చెప్పడానికి వాడితే తప్పే. కొత్త అబ్‌స్ట్రాక్ట్‌లో 92 వేసి, మూడు ప్రయోగాల సగటు అని రాశాం.

అసలు నీళ్ళ విషయంలో మరో చిక్కుంది. అందులో రంగు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములుందో మాకు తెలియదు, అది స్వచ్ఛమైన ఒకే రంగు కాదు. అందుకని గాఢతకి బదులు స్పెక్ట్రోఫోటోమీటర్ చూపించే శోషణ ఎంత తగ్గిందో లెక్కేశాం:

```
R = (A0 - A) / A0 × 100
```

ఇందులో A0 అంటే కార్బన్ వేయని నీటి శోషణ, A అంటే వేశాక ఉన్న శోషణ. ఆసిడ్ కలిపినప్పుడు ఆసిడ్ వల్లే రంగు కొంత మారొచ్చు. అందుకే A0 కోసం కూడా ఆసిడ్ కలిపి, కార్బన్ మాత్రం వేయని నీళ్ళనే తీసుకున్నాం. లేకపోతే ఆసిడ్ చేసిన పని కార్బన్ ఖాతాలో పడుతుంది. ఇది చిన్న వివరంలా ఉన్నా, పై కొలబద్ద ప్రకారం అంకెని మార్చేదే. కాబట్టి అబ్‌స్ట్రాక్ట్‌లో అర వాక్యం దానికి కేటాయించాం.

రెండో చిత్తుప్రతిలో నేను ఇలా రాశాను: "అద్దకం నీటిలోని ఉప్పు వల్ల తొలగింపు 92 నుంచి 71 శాతానికి తగ్గింది." మేడమ్ "వల్ల" అన్న మాట చుట్టూ సున్నా చుట్టారు. "ఉప్పుని విడిగా మార్చి చూశారా?" అని అడిగారు. చూడలేదు. ఆ నీటిలో ఉప్పు ఒక్కటే కాదు, రంగు ఎక్కువ గాఢంగా ఉండొచ్చు, వేరే రంగులు ఉండొచ్చు, నూలు నుంచి వచ్చిన గంజి ఉండొచ్చు. కొన్ని పేపర్లలో ఉప్పు ఉంటే రియాక్టివ్ రంగు ఇంకా బాగా పట్టిందని కూడా ఉంది. అదే నీటిలో పీహెచ్ ఒక్కటే మార్చాం కాబట్టి 38 నుంచి 71కి పెరగడం పీహెచ్ వల్లే అని చెప్పగలం. 71కీ 92కీ మధ్య తేడా మాత్రం "ఉంది" అని చెప్పగలమే గానీ "దీనివల్ల" అని చెప్పలేం. అబ్‌స్ట్రాక్ట్‌లో ప్రతి "వల్ల" దగ్గరా ఆగి, ఆ ఒక్కదాన్నే మార్చి చూశామా అని అడగాలి. లేకపోతే "వద్ద" అనో "లో" అనో రాయాలి.

చివరికి ఇలా కుదిరింది:

"రియాక్టివ్ రంగులు అద్దిన తరవాత మిగిలే నీరు క్షారంగా, ఉప్పుతో ఉంటుంది. జీడిపెంకు కార్బన్ ల్యాబ్ ద్రావణంలో పనిచేసినట్టే ఈ నీటిలోనూ పనిచేస్తుందా అని పరీక్షించాం. నూనె తీసిన జీడిపెంకులను ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి 500 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు గంటలు కాల్చి కార్బన్ తయారుచేశాం. లీటరుకు 4 గ్రాముల కార్బన్ వేసి 30 డిగ్రీల వద్ద రెండు గంటలు కలిపి, అదే పీహెచ్ ఉండి కార్బన్ వేయని నీటితో పోల్చి, రంగు తగ్గుదలను స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలిచాం. లీటరుకు 100 మిల్లీగ్రాముల రియాక్టివ్ బ్లాక్ 5 ఉన్న ల్యాబ్ ద్రావణంలో, పీహెచ్ 3 వద్ద, 92 శాతం రంగు పోయింది. వేటపాలెంలోని ఒక అద్దకం షెడ్డు నీటిలో, దాని సొంత పీహెచ్ 10.6 వద్ద, 38 శాతమే పోయింది. అదే నీటి పీహెచ్‌ను 3కు తగ్గించినప్పుడు 71 శాతం పోయింది. అంకెలన్నీ మూడేసి ప్రయోగాల సగటు. కాబట్టి ల్యాబ్ ద్రావణంలో వచ్చిన శాతాన్ని అద్దకం నీటికి నేరుగా వర్తింపజేయలేం, ఈ కార్బన్ వాడాలంటే ముందు ఆమ్లం కలపడం అవసరం. ఈ ఫలితాలు ఒకే షెడ్డు, ఒకే రోజు నీటికి సంబంధించినవి. ఉప్పు, సీఓడీ తగ్గుదలను కొలవలేదు."

పాతదానితో పక్కపక్కన పెట్టి చూడండి. నేపథ్యం నాలుగు వాక్యాల నుంచి ఒక్కదానికి తగ్గింది, ఆ ఒక్కటీ మా ప్రశ్నకి దారితీసేదే. "ప్రోత్సాహకరం", "ఎంతో అనువైనది", "చవకైన" పోయాయి. వాటి స్థానంలో అంకెలున్నాయి, అవి ప్రోత్సాహకరమో కాదో చదివేవాళ్ళే తేల్చుకుంటారు. చివరి వాక్యం తీసేద్దామని మా టీమ్‌లో ఒకడు గొడవపెట్టాడు, "మన లోపం మనమే చెప్పుకోవడం ఏంట్రా" అని. కానీ రంగు పోవడం వేరు, నీరు శుభ్రపడటం వేరు. నీరు తెల్లగా అయినా ఉప్పు అందులోనే ఉండొచ్చు. ఆ వాక్యం లేకపోతే చదివినవాళ్ళు ఆ రెండూ ఒకటే అనుకుంటారు.

పంపేముందు ఆఖరుగా రెండు పరీక్షలు చేశాం. మొదటిది, అబ్‌స్ట్రాక్ట్‌లోని ప్రతి అంకె కిందా పెన్సిల్‌తో పేపరులోని పేజీ నంబరు, టేబుల్ నంబరు రాశాం. అలా చేస్తే ఒక తప్పు దొరికింది. పేపరు లోపల పీహెచ్ 10.6 ఉంటే, అబ్‌స్ట్రాక్ట్‌లో నేను 10.8 అని కొట్టాను. పేపరు దిద్దుతూ పోతాం, అబ్‌స్ట్రాక్ట్ మాత్రం పాతదే ఉండిపోతుంది, ఇలాంటివి అక్కడే పుడతాయి. రెండోది, వేరే బ్రాంచి స్నేహితురాలికి అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే ఇచ్చి, కాగితం వెనక్కి తీసుకుని, "మేం ఏం చేశాం, ఏం తేలింది?" అని అడిగాం. పాతది చదివాక "ఏదో నీటి కాలుష్యం గురించి" అంది. కొత్తది చదివాక "జీడిపెంకుల కార్బన్ ల్యాబ్‌లో బాగా పనిచేసింది, అసలు నీళ్ళలో ఆసిడ్ పోస్తే తప్ప అంతగా పనిచేయలేదు" అంది. మాకు కావలసింది అదే.

తరవాతి ఆదివారం ఈ తెలుగు అబ్‌స్ట్రాక్ట్‌నే బాబాయ్‌కి చదివి వినిపించాను. స్పెక్ట్రోఫోటోమీటర్ దగ్గర చెయ్యి ఊపాడు, మిగతాదంతా శ్రద్ధగా విన్నాడు. అయిపోయాక కాసేపు ఆలోచించి, "అట్టా అయితే ముందు ఆసిడ్ పొయ్యాల. సరే, పోస్తాం. మళ్ళా ఆ ఆసిడ్ నీళ్ళు ఎక్కడ పొయ్యాలమ్మా?" అన్నాడు.

అద్దకం యూనిట్లు బయట వదిలే నీటి పీహెచ్ 6.5కీ 8.5కీ మధ్య ఉండాలని మన దేశంలో నిబంధన. మా నీళ్ళది 3. మళ్ళీ సున్నం కలిపి పైకి తేవాలి, దానికి ఎంత ఖర్చో, అడుగున ఎంత మడ్డి దిగుతుందో మాకు తెలియదు. "ఎంతో అనువైనది" అన్న పాత వాక్యం విని ఉంటే బాబాయ్ ఈ ప్రశ్న అడిగేవాడే కాదు. ఇప్పుడు మా జూనియర్ల ప్రాజెక్టుకి టైటిల్ దాదాపు సిద్ధంగా ఉంది. క్యాను మళ్ళీ నింపి పెడతానని బాబాయ్ మాటిచ్చాడు, ఈసారి వేర్వేరు రోజుల నీళ్ళు.